తలుపుల పట్టిక తనంతట తానే మారేది ఎలా?

భవనం ప్లాన్‌లో తలుపు అంటే ఒక చిన్న చాపం, పక్కన ఒక నంబరు. దాని వెడల్పెంత, ఎత్తెంత, టేకుదా ఫ్లష్ డోరా, నిప్పును ఎన్ని నిమిషాలు ఆపాలి అన్న వివరాలన్నీ విడిగా ఒక పట్టికలో ఉంటాయి. దాన్నే డోర్ షెడ్యూల్ అంటారు. గదుల పేర్లు, వైశాల్యాలు, ఫ్లోరింగ్ వివరాలు రూమ్ షెడ్యూల్‌లో ఉంటాయి. తలుపులు ఆర్డరిచ్చేదీ, టైల్స్ లెక్కగట్టేదీ వీటిని చూసే. చేత్తో గీసే రోజుల్లో ప్లాన్‌లో తీసేసిన తలుపును పట్టికలో కొట్టేయడం మరిచిపోతే, లేని గోడకు తలుపు తయారై సైటుకు వచ్చేది. కంప్యూటర్ మీద గీయడం మొదలయ్యాకా ఆ చిక్కు తీరలేదు, ఎందుకంటే తెరమీద ఉన్నవీ ఉత్త గీతలే.

దీనికి విరుగుడు ఆలోచించినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు చార్లెస్ ఈస్ట్‌మన్. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన 1970లలో ‘బిల్డింగ్ డిస్క్రిప్షన్ సిస్టమ్’ రూపొందించారు. భవనాన్ని బొమ్మలుగా కాక, వస్తువుల సమాచారంగా దాచాలన్నది ఆయన ఆలోచన. అప్పుడు ప్లానూ, సెక్షనూ, సరుకుల లెక్కా అన్నీ ఆ ఒక్క సమాచారం నుంచే తీయవచ్చు, మార్పు ఒక్కచోట చేస్తే చాలునని 1975లోనే రాశారు. అప్పటి కంప్యూటర్లు ఆఫీసు బల్లమీద పట్టేవి కావు. రోజువారీ పనిలోకి ఆ ఆలోచన రావడానికి చాలా ఏళ్లు పట్టింది. యంత్రభాగాల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆరితేరిన లియొనిద్ రైజ్, ఇర్విన్ యుంగ్రైస్ 1997లో పెట్టిన సంస్థ నుంచి 2000లో రెవిట్ వచ్చింది. రెండేళ్లకు ఆటోడెస్క్ దాన్ని కొనేసింది.

రెవిట్‌లో షెడ్యూల్ విడిగా దాచిన కాగితం కాదు. ప్లాన్‌లాగే అదీ మోడల్‌ను చూసే ఒక కిటికీ. ఒక చిన్న క్లినిక్ తీసుకుందాం. డాక్టర్ గది లోపలి కొలత 3 మీటర్లు, 4 మీటర్లు. పక్కన డ్రెస్సింగ్ గది 3.6, 4 మీటర్లు. మధ్య గోడను 300 మిల్లీమీటర్లు అటు జరిపితే, డాక్టర్ గది వైశాల్యం 12 నుంచి 13.2 చదరపు మీటర్లవుతుంది, డ్రెస్సింగ్ గది 14.4 నుంచి 13.2కు దిగుతుంది. పట్టికను ఎవరూ తాకలేదు. గది అంటే దాని చుట్టూ ఉన్న గోడల మధ్య జాగా అని సాఫ్ట్‌వేర్‌కు తెలుసు కనుక, వైశాల్యాన్ని తనే మళ్లీ కొలిచింది.

ఇప్పుడు ఆ గోడనే తీసేద్దాం. అందులోని తలుపు గోడతోపాటే పోతుంది, పట్టికలో దాని వరుసా పోతుంది. మిగిలిన తలుపుల నంబర్లు మాత్రం సర్దుకోవు, మధ్యలో ఒక అంకె ఖాళీగా ఉండిపోతుంది. గదుల పట్టికలో ఇంకో విషయం కనిపిస్తుంది: ఒకే జాగాలో రెండు గదులు పడ్డాయి కనుక ఒకదాని వైశాల్యం దగ్గర Redundant Room అని వస్తుంది. గోడల మధ్య సందు మిగిలితే Not Enclosed అని చూపిస్తుంది. ప్లాన్‌లో చెరిపేసిన గది కూడా పట్టికలో Not Placed అని మిగిలే ఉంటుంది. పట్టికను పంపేముందు ముందుగా వెతకాల్సినవి ఈ మాటలే.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. క్లినిక్‌లో 900 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒకే రకం తలుపులు 14 ఉన్నాయనుకోండి. స్ట్రెచర్ వెళ్లేందుకు ఒక తలుపును 1200 చేయాలని పట్టికలో ఆ వరుసలో అంకె మార్చితే, 14 తలుపులూ 1200 అవుతాయి. మామూలు తలుపులకు వెడల్పు ఒక్కొక్కదానికి కాదు, ఆ రకానికంతటికీ చెందిన గుణం. సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది, తొందరలో ఉన్నవారు దాన్ని చదవకుండానే ఓకే నొక్కేస్తారు. సరైన దారి, ఆ రకానికి నకలు తీసి కొత్త పేరు పెట్టి, ఆ ఒక్క తలుపుకే ఇవ్వడం. రకాలవారీగా లెక్క చూస్తే 13, 1 అని రావాలి.

కొలిచి తెచ్చిన అంకెలు మారతాయి గాని, చేత్తో టైప్ చేసినవి మారవు. స్టోర్ గదిని ఎలక్ట్రికల్ గదిగా మార్చితే కొత్త పేరు పట్టికలోకి వస్తుంది. తలుపు నిప్పును ఆపాల్సిన సమయం మాత్రం పాతదే ఉంటుంది, ఎందుకంటే ఆ అవసరం మారిందన్న సంగతి మోడల్‌కు ఎవరూ చెప్పలేదు. అగ్నిప్రమాదం జరిగితే ఇది ప్రాణాలతో ముడిపడిన లోపం.

ఎక్సెల్‌లోకి దించిన పట్టిక కూడా అంతే. దించిన క్షణం నుంచి దానికి మోడల్‌తో సంబంధం తెగిపోతుంది. అందుకే తలుపులు ఆర్డరిచ్చేవారు తమ చేతిలోని షీటు మీద తేదీ చూసి, ఆ తర్వాత డిజైన్ మారిందా అని ఆర్కిటెక్ట్‌ను అడిగి, మారి ఉంటే కొత్త పట్టిక తెప్పించుకోవాలి.