బుల్లెట్ నోట్సు పేరాగా మారేటప్పుడు

బుల్లెట్ పాయింట్లుగా రాసుకున్న నోట్సులో విషయాలు ఉంటాయి, వాటి మధ్య సంబంధాలు ఉండవు. ఏది కారణం, ఏది ఫలితం, ఏది మాటల్లో వచ్చిన పక్క సంగతి అన్నది రాసుకున్నవారి తలలో ఉంటుంది గాని కాగితం మీదకు రాదు. పేరాగా మార్చేటప్పుడు ఆ పని వాక్యాలే చెయ్యాలి. అక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, పాయింటు జారిపోవడం. రెండు, చిన్న పాయింటు పెద్దదిగా, పెద్దది చిన్నదిగా కనిపించడం. మొదటిది లెక్కపెడితే బయటపడుతుంది. రెండోది అన్ని పాయింట్లూ ఉన్న పేరాలో కూడా దాక్కుంటుంది, అందుకే అది ఎక్కువ ప్రమాదకరం.

చరిత్ర పాఠం వింటూ ఒక డిగ్రీ విద్యార్థి ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఇలా రాసుకున్నాడనుకుందాం. ముఖ్యమైన వాటికి నక్షత్రం గుర్తు పెట్టుకున్నాడు.

- 1832–33 గుంటూరు కరువు
- 1839 కోరంగి తుపాను
- 1844 హెన్రీ మాంట్‌గోమరీ నివేదిక: రాజమండ్రి జిల్లా దుస్థితి
- ఆర్థర్ కాటన్, ఆనకట్ట పని 1847–1852 ★
- వీణెం వీరన్న: కాటన్ దగ్గర పనిచేసిన స్థానిక ఇంజినీరు
- రాయి: ధవళేశ్వరం కొండ నుంచి
- 4 భాగాలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం
- కాలువలు: సాగు, పడవల రాకపోకలు ★
- కొత్త బారేజీ 1970–82

చాలామంది మొదట చేసే పని చుక్కలు తీసేసి, ప్రతి పాయింటుకీ ఒక క్రియ తగిలించడం. ‘1832–33లో గుంటూరులో కరువు వచ్చింది. 1839లో కోరంగిలో తుపాను వచ్చింది. 1844లో మాంట్‌గోమరీ నివేదిక ఇచ్చాడు...’ అంటూ సాగుతుంది. ఇందులో ఏదీ పోలేదు. కానీ రాయి ఎక్కడిదన్న సంగతికీ, ఆనకట్ట పూర్తికావడానికీ సమానంగా ఒక్కో వాక్యం దక్కింది. నక్షత్రాలు రెండూ మాయమయ్యాయి. చదివేవారికి ఇది ఇంకా జాబితాలాగే తోస్తుంది.

తెలుగులో ప్రాధాన్యాన్ని మోసేది ఎక్కువగా వాక్యం చివరి సమాపక క్రియ. ‘పూర్తయింది’, ‘నీళ్లిచ్చాయి’ లాంటి క్రియతో ముగిసే సంగతి వాక్యానికి అసలు మాటవుతుంది. ‘మొదలైన’, ‘తెచ్చి’, ‘వివరిస్తూ’ లాంటి అసమాపక రూపాల్లోకి వెళ్లిన సంగతి దానికి ఆసరాగా నిలుస్తుంది. కాబట్టి రాయడానికి ముందు తేల్చుకోవలసింది ఒకటే: నోట్సులోని ఏ సంగతులు సమాపక క్రియ మీద కూర్చోవాలి, ఏవి వాటి పక్కన ఒదగాలి? నక్షత్రం ఉన్నవాటికి సొంత వాక్యం తప్పనిసరి. మిగిలినవి ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వాక్యంలో సర్దుకోవచ్చు.

ఈ వెసులుబాటులోనే ఒక చిక్కు ఉంది. అసమాపక రూపాలు సంగతులను కలపడమే కాదు, వాటి మధ్య సంబంధాన్నీ చెప్పేస్తాయి. ‘గుంటూరులో కరువు రావడంతో కాటన్ ఆనకట్ట కట్టాడు’ అని రాస్తే కరువే ఆనకట్టకు నేరుగా కారణమని అర్థం వస్తుంది. నోట్సులో ఆ మాట లేదు. అక్కడున్నది రెండు సంవత్సరాలే. పైగా గుంటూరు కృష్ణా ప్రాంతానిది, ఆనకట్ట గోదావరి మీదిది. ‘-డంతో’, ‘అందువల్ల’, ‘ఫలితంగా’ అన్న మాటలు రాసే ముందు ఆ సంబంధం పాఠంలో నిజంగా చెప్పారా అని చూసుకోవాలి. తెలియనప్పుడు ‘అంతకు ముందు’, ‘ఆ తర్వాత’ లాంటి కాలాన్ని మాత్రమే చెప్పే మాటలు క్షేమం. వాక్యం సాఫీగా సాగడం కోసం లేని కారణాన్ని తెచ్చిపెట్టడం ఒక పాయింటు వదిలెయ్యడం కన్నా పెద్ద తప్పు.

విశేషణాల సంగతీ ఇంతే. ‘భయంకరమైన కరువు’, ‘అద్భుతమైన కాలువలు’ అన్నప్పుడు ఆ పాయింటు బరువు పెరిగిపోతుంది. నోట్సులో లేని విశేషణం పేరాలోకి రాకపోవడమే మంచిది.

ఇక వరస. నోట్సు పాఠం చెప్పిన క్రమంలో ఉంటుంది, ప్రాధాన్య క్రమంలో ఉండదు. పేరా మొదటి వాక్యాన్ని పాఠకుడు ముఖ్య విషయంగా తీసుకుంటాడు కాబట్టి అక్కడ కరువు బదులు ఆనకట్ట నిలవాలి. ఇవన్నీ పాటించి పై నోట్సును ఇలా రాయవచ్చు:

‘ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకు ముందు 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని కరువు, 1839లో కోరంగిని తుపాను దెబ్బతీశాయి. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ నివేదిక రాజమండ్రి జిల్లా దుస్థితిని వివరించింది. స్థానిక ఇంజినీరు వీణెం వీరన్న కాటన్ దగ్గర పనిచేసిన ఈ నిర్మాణానికి రాయిని ధవళేశ్వరం కొండ నుంచి తెచ్చి, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టారు. ఆనకట్ట నుంచి తీసిన కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి. ఆ కాలువల్లోనే పడవలూ నడిచాయి. 1970–82 మధ్య కొత్త బారేజీ కట్టారు.’

నక్షత్రం ఉన్న మొదటి పాయింటు పేరాను తెరిచింది. రెండోదానికి రెండు పొట్టి వాక్యాలు దక్కాయి. పొడుగు వాక్యం వెనక వచ్చిన పొట్టి వాక్యం మీద చూపు నిలుస్తుంది. కరువు, తుపాను ఒకే వాక్యంలో చేరినా, వాటి వెంటే నివేదిక వచ్చినా వాటి మధ్య కారణ సంబంధం ఏదీ అంటగట్టలేదు. వీరన్న, రాయి, నాలుగు భాగాలు ఒకే వాక్యంలో ఒదిగాయి. అయితే ఆ వాక్యం తెలుగు మోయగలిగిన హద్దు దగ్గరకు వచ్చింది. ఇంకొక ‘చేసి’, ‘తెచ్చి’ చేరితే పాఠకుడు చివరి క్రియ కోసం ఎదురుచూస్తూ మొదటి మాట మరిచిపోతాడు. అప్పుడు వీరన్న సంగతిని విడిగా ఒక చిన్న వాక్యం చెయ్యాలి.

పేరా సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి తిరగేసి చూడటం మంచి పద్ధతి. అసలు నోట్సు పక్కన పెట్టి, పేరా ఒక్కటే చదివి కొత్తగా పాయింట్లు రాయాలి. ముఖ్యమనిపించిన వాటికి నక్షత్రం పెట్టాలి. ఈ పని వేరొకరు చేస్తే మరీ మంచిది, ఎందుకంటే రాసినవారికి తమ తలలో ఉన్నది కాగితం మీద కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టినప్పుడు కొత్తదానిలో తక్కువ పాయింట్లుంటే ఏదో జారిపోయింది. ఎక్కువ ఉంటే ఏదో కల్పన చేరింది. సంఖ్య సరిపోయి నక్షత్రాలు చోటు మారితే తప్పు వాక్య నిర్మాణంలో ఉంది: ముఖ్యమైనది అసమాపక రూపంలో ఇరుక్కుని ఉంటుంది, లేదా చిన్న సంగతి పేరా మొదట్లో కూర్చుని ఉంటుంది. సంవత్సరాలు, పేర్లు ముందుగా సరిచూసుకోవాలి, ఎక్కువగా తారుమారయ్యేవి అవే.

ప్రతి నోట్సూ పేరా కానక్కర్లేదు. మందు వేసుకునే వేళలు, దరఖాస్తుకు జతచెయ్యవలసిన పత్రాలు, వంట దినుసుల కొలతలు లాంటివి చదివేవారు ఒక్కొక్కటిగా చూసి టిక్కు పెట్టుకునేవి. వాటి మధ్య చెప్పవలసిన సంబంధమూ లేదు, ఒకటి ఎక్కువ ఇంకొకటి తక్కువ అన్నదీ లేదు. అలాంటి నోట్సును జాబితాగానే ఉంచాలి.