క్యూసెక్కుల నుంచి టీఎంసీల దాకా

వానాకాలంలో పేపరు తిరగేస్తే రెండు మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. ‘ఇన్‌ఫ్లో రెండు లక్షల క్యూసెక్కులు’ అన్నది ఒకటి, ‘జలాశయంలోకి ఇన్ని టీఎంసీలు చేరాయి’ అన్నది మరొకటి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే నీరు వచ్చే వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే వచ్చి చేరిన నీరు. లక్ష క్యూసెక్కుల ప్రవాహం రోజంతా ఏ మార్పూ లేకుండా వస్తే 8.64 టీఎంసీలవుతుంది. కానీ వరద అలా ఒకే తీరున రాదు. పెరుగుతుంది, తగ్గుతుంది.

మారుతున్న వేగం నుంచి మొత్తాన్ని రాబట్టే లెక్కే ఇంటర్‌ రెండో ఏడాదిలో చదివే నిశ్చిత సమాకలని. పరీక్షలో సూత్రం ఇస్తారు. నదికి సూత్రం ఉండదు, రిజిస్టరులో రాసుకున్న అంకెలే ఉంటాయి.

ఒక ఊహా జలాశయం తీసుకుందాం. ఉదయం ఆరింటి నుంచి నాలుగేసి గంటలకు ఒకసారి ప్రవాహం నమోదు చేశారు. లక్షల క్యూసెక్కుల్లో వరసగా 1.0, 1.6, 2.8, 4.0, 3.6, 2.6, మర్నాడు ఉదయం ఆరింటికి 2.0. నాలుగు గంటలంటే 14,400 సెకన్లు కాబట్టి, ఆ వ్యవధిలో లక్ష క్యూసెక్కులకు 1.44 టీఎంసీలు.

సులువైన దారి దీర్ఘచతురస్రాలది. ఆరింటికున్న ప్రవాహమే పదింటి దాకా ఉందనుకోవడం, పదింటిదే రెండింటి దాకా ఉందనుకోవడం, ఇలా చివరిదాకా. అప్పుడు మొదటి ఆరు అంకెల మొత్తం 15.6 కాబట్టి 22.5 టీఎంసీలు వస్తాయి. అలాకాక ప్రతి వ్యవధికీ చివరి అంకెను తీసుకుంటే మొత్తం 16.6, అంటే 23.9 టీఎంసీలు. రెండు అంకెల మధ్య ప్రవాహం తిన్నగా మారిందనుకుంటే దీర్ఘచతురస్రం బదులు సమలంబ చతుర్భుజం ఏర్పడుతుంది. దాని వైశాల్యానికి ఆ రెండు అంకెల సగటు చాలు. ఈ పద్ధతిలో జవాబు 23.2 టీఎంసీలు. 215.81 టీఎంసీల శ్రీశైలం జలాశయంలో ఇది పదో వంతుకు పైమాటే.

ఇక్కడ చాలామంది ఓ పొరపాటు చేస్తారు. ఏడు అంకెలనూ కూడి ఏడుతో భాగించి, ఆ సగటును రోజుకు వర్తింపజేస్తారు. అలా చేస్తే 21.7 టీఎంసీలే వస్తాయి, ఒకటిన్నర టీఎంసీలు గల్లంతు. మధ్యలోని ప్రతి అంకెకూ ముందొక వ్యవధి, వెనకొక వ్యవధి ఉంటాయి. మొదటిదానికీ చివరిదానికీ ఒకటే ఉంటుంది కనుక వాటి సగమే లెక్కలోకి రావాలి. రాత్రి రెండింటి అంకె రాయడం మరిచిపోతే అక్కడి వ్యవధి ఎనిమిది గంటలవుతుంది. దాన్ని ఎనిమిదిగానే గుణించాలి.

22.5కూ 23.9కూ తేడా 1.44 మాత్రమే కదా, అసలు జవాబు ఆ మధ్యలోనే ఎక్కడో ఉంటుందని తేల్చేయడం తొందరపాటు. ప్రవాహం పెరుగుతున్నంతసేపూ ముందు అంకె తక్కువ చూపిస్తుంది, తగ్గేటప్పుడు అదే ఎక్కువ చూపిస్తుంది. రోజు మొత్తానికి కలిపేసరికి ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. సాయంత్రం ఆరుదాకా వరద పెరుగుతూనే, ఆ తర్వాత తగ్గుతూనే వచ్చిందనుకుని, ప్రతి వ్యవధిలోనూ చిన్న అంకెనే తీసుకుంటే 19.6, పెద్దదాన్నే తీసుకుంటే 26.8 టీఎంసీలు. కచ్చితంగా చెప్పగలిగిన హద్దులు ఇవే. 23.2 మంచి అంచనాయే, కానీ రుజువైన జవాబు కాదు.

అసలు గురి తప్పేది అంకెల మధ్య ఎడం ఎక్కువైనప్పుడు. రోజూ ఉదయం ఆరింటికి మాత్రమే చూస్తే మనకు తెలిసేది 1.0, 2.0 మాత్రమే. సమలంబ చతుర్భుజం వేసినా 13 టీఎంసీలే వస్తాయి. సాయంత్రం నాలుగు లక్షలకు ఎగబాకిన వరద లెక్కలోకే రాలేదు మరి! ఎంత తెలివైన పద్ధతైనా చూడని శిఖరాన్ని పట్టుకోలేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఉధృతిలో ఒక్క గంటకే దాదాపు 4 టీఎంసీలు దిగువకు పోతాయి. అలాంటప్పుడు నాలుగు గంటల ఎడం పనికిరాదు.

ఎడం తగ్గించినా పోని తప్పు ఒకటుంది. చాలా చోట్ల ప్రవాహాన్ని నేరుగా కొలవరు. నీటిమట్టం చూసి, ఆ మట్టానికి ఇంత ప్రవాహమని ముందే వేసుకున్న పట్టిక నుంచి తీసుకుంటారు. వరదకు నది అడుగు కోసుకుపోయినా, మేట వేసినా ఆ పట్టిక పాతబడుతుంది. అంకెలన్నీ ఐదు శాతం ఎక్కువగా పడితే, గంటకోసారి చూసినా నిమిషానికోసారి చూసినా మొత్తం కూడా ఐదు శాతం ఎక్కువే. దీన్ని పట్టుకోవడానికి మరో దారి కావాలి. వచ్చిన నీటిలోంచి వదిలిన నీటిని తీసేసి, మిగిలింది జలాశయ మట్టం పెరిగిన తీరుతో సరిపోయిందో లేదో చూడాలి. ఆవిరైన నీటిని లెక్కలోకి తీసుకున్నాక కూడా రోజూ ఒకే వైపు తేడా వస్తుంటే, అనుమానించాల్సింది కూడికను కాదు, కొలతను.