ఒకే లాట్ నంబరు, మూడు హామీలు

గుంటూరు మిర్చి ఎగుమతిదారుకి జర్మనీ నుంచి ఒక కొత్త కొనుగోలుదారు రాశాడనుకుందాం. తేజ రకం కారం పొడి 14 టన్నులు కావాలి, షరతులు చెప్పమన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చాలామంది ఇక్కడ "మాది మేలైన సరుకు, ధర పోటీగా ఉంటుంది" అని రాసి పంపుతారు. ఆ మాటలో అవతలివాడు కొలిచి చూసుకోగలిగింది ఏమీ లేదు. జవాబు మెయిల్‌లో నాణ్యత, ప్యాకింగ్, చెల్లింపు అనే మూడు విషయాలూ ఉండాలి. ఆ మూడింటినీ కలిపే దారం ఒకటుంది, అదే లాట్ నంబరు.

మొదటిది నాణ్యత. యూరప్‌లో ఎండుమిర్చిలో, కారం పొడిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. అన్ని రకాల అఫ్లటాక్సిన్లూ కలిపి 10 దాటకూడదు. ఇది బూజు వదిలే విషం. కల్లంలో సరిగ్గా ఎండని కాయలోనో, నలిగిపోకుండా ఉండాలని నీళ్లు చల్లి బస్తాలకెత్తిన కాయలోనో బూజు పుడుతుంది. ఆవిరితో శుద్ధి చేస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ, అప్పటికే చేరిన ఈ విషం పోదు.

పైగా అది సరుకంతా సమానంగా పరుచుకుని ఉండదు. ఒక బస్తాలో అసలు కనపడకపోవచ్చు, పక్క బస్తాలో హద్దు దాటవచ్చు. అందుకే కొరియర్‌లో పంపిన అరకిలో నమూనాకి వచ్చిన రిపోర్టు 14 టన్నులకి హామీ కాదు. మెయిల్‌లో ఇలా రాయాలి: "మీ ఆర్డరు సరుకు మొత్తం సిద్ధమయ్యాక, లాట్‌లో చాలా బస్తాల నుంచి నమూనా తీయిస్తాం. దాన్ని కలిపి మూడు భాగాలుగా సీలు వేస్తాం. ఒకటి ల్యాబుకి, ఒకటి మీకు, ఒకటి మా దగ్గర. రిపోర్టు మీద లాట్ నంబరు ఉంటుంది." రేపు తగాదా వస్తే ఆ మూడో భాగాన్ని ఏ ల్యాబుకి పంపాలో, ఎన్ని రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యాలో కూడా ఇప్పుడే రాసుకోవాలి.

మిర్చి ఎగుమతికి మన స్పైసెస్ బోర్డు అఫ్లటాక్సిన్‌తో పాటు సూడాన్ రంగుల పరీక్ష కూడా తప్పనిసరి చేసింది. 2005లో బ్రిటన్‌లో సూడాన్ రంగు కలిసిన కారం పొడి వల్ల వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. యూరప్ కొనుగోలుదారు ఈ కాగితం ఎందుకంత పట్టుబట్టి అడుగుతాడో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రెండోది ప్యాకింగ్. లోపల పాలిథిన్ సంచి ఉన్న 25 కిలోల కాగితపు బస్తాలైతే 14 టన్నులకి 560 అవుతాయి. ప్రతి బస్తా మీద సరుకు పేరు, నికర బరువు, తయారీ తేదీ, ల్యాబు రిపోర్టులో ఉన్న అదే లాట్ నంబరు ఉండాలి. చెన్నై వేడిలో మూసిన కంటైనరు చలి సముద్రాల్లోకి వెళ్లినప్పుడు లోపలి తేమ పైకప్పుకి పట్టి, చుక్కలుగా బస్తాల మీద పడుతుంది. ల్యాబులో నెగ్గిన సరుకు కూడా ఇక్కడ బూజు పట్టొచ్చు. కాబట్టి పొడిలో తేమ ఎంత శాతానికి లోపు ఉంటుందో, కంటైనరు గోడలకి క్రాఫ్ట్ పేపరు, లోపల తేమ పీల్చే సంచులు ఎవరు పెడతారో రాయాలి. చెక్క ప్యాలెట్లు వాడితే వాటిమీద ISPM 15 ముద్ర ఉండాలి. వేడితో శుద్ధి చేసిన చెక్క అయితే కనీసం 30 నిమిషాలు 56 డిగ్రీలు లోపలిదాకా చేరి ఉండాలి.

మూడోది చెల్లింపు. ముందే మొత్తం కట్టమంటే కొత్తవాడు భయపడతాడు. సరుకు చేరాక కడతానంటే మనకి భయం. మధ్యేమార్గంగా 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం బిల్ ఆఫ్ లేడింగ్ నకలు చూపించగానే అని అడగొచ్చు. సొమ్ము అందేదాకా అసలు ప్రతులు మన దగ్గరే ఉంటాయి. అవి లేనిదే అతను సరుకు విడిపించుకోలేడు. అతను లెటర్ ఆఫ్ క్రెడిట్ ఇస్తానంటే ఇంకో జాగ్రత్త కావాలి. బ్యాంకు సరుకు చూడదు, కాగితాలే చూస్తుంది. ప్యాకింగ్ లిస్టులో 560 బస్తాలని, ఇన్వాయిసులో 559 అని ఉన్నా, లాట్ నంబరులో ఒక అంకె మారినా, బ్యాంకు డబ్బు ఆపగలదు.

చివర్లో ఇంకొక్క వాక్యం చేర్చాలి: "మా బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే నమ్మకండి, ముందే ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసి అడగండి." మెయిల్‌లోకి చొరబడి ఖాతా నంబరు మార్చి డబ్బు కాజేసేవాళ్లు ఉన్నారు.

మెయిల్ పంపేముందు ఒకసారి సరిచూసుకుంటే చాలు. రిపోర్టు మీదున్న లాట్ నంబరే బస్తా మీదా, ఇన్వాయిసు మీదా ఉంటుందని రాశామా? రాసి ఉంటే, హాంబర్గ్ రేవులో ఎవరైనా ఒక బస్తా విప్పి ప్రశ్న అడిగినప్పుడు, అది ఏ రోజు ఏ కుప్పలోంచి వచ్చిందో గుంటూరులో కూర్చుని చెప్పొచ్చు.