గుమ్మం ముందు ఆరడుగులు

మామూలు నడకలో మనిషి సెకనుకు నాలుగడుగుల దూరం పోతాడు. అంటే పదడుగుల వెడల్పున్న కొట్టును దాటడానికి అతనికి పట్టేది రెండున్నర సెకన్లు. దసరాకో దీపావళికో కొట్టును ముస్తాబు చేసే వ్యాపారికి దొరికే సమయం ఇంతే. ఆ కాస్తలో అతను తల తిప్పి చూడాలంటే కాళ్ల కింద దారి మీద నమ్మకం ఉండాలి. నడిచే బాటలో బల్ల అడ్డొచ్చి రోడ్డు మీదికి దిగాడంటే, అతని చూపు వెనకనుంచి వచ్చే ఆటో మీదే ఉంటుంది. కొట్టు ఎంత మెరిసినా అతనికి కనబడదు. బాటను ఖాళీగా ఉంచమని మున్సిపాలిటీ వాళ్లు చెప్పడం ఒక సంగతి. అసలు మన సరుకును జనం చూసేది ఆ బాట మీద నిలబడే.

ఒక చీరల కొట్టును తీసుకుందాం. వెడల్పు పదడుగులు, షట్టరు ఎత్తితే ఎనిమిదడుగుల వాకిలి. ముందు మురుగుకాలువ మీద పరిచిన స్లాబులే నడిచే బాట, దాని వెడల్పు ఆరడుగులు. పండగ సీజన్‌లో మామూలుగా జరిగేది ఇది: షట్టరు బయట మూడడుగుల బల్ల వేసి, దాని మీద చౌక చీరల కుప్ప పోస్తారు. బల్ల పక్కన రెండు బొమ్మలు నిలబెడతారు. ఇక మిగిలింది మూడడుగులు. బల్ల దగ్గర ఆగి చీరలు తిరగేసేవాళ్లు అందులో రెండడుగులు ఆక్రమిస్తారు. చివరి అడుగులో బండి స్టాండు పడుతుంది. బల్ల మాత్రమే అడ్డమని వ్యాపారి అనుకుంటాడు కానీ, బల్ల ముందు ఆగిన కొనుగోలుదారు కూడా అడ్డమే. కొలత వేసేటప్పుడు ఈ రెండో లెక్కే మరిచిపోతాం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఏ అడ్డూ లేని బాట కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఉండాలి. 1.8 మీటర్లంటే ఇంచుమించు ఆరడుగులు. అంటే ఈ కొట్టు ముందున్న బాట మొత్తం కలిపితేనే కనీస కొలత. వ్యాపారి వాడుకోవడానికి అందులో అంగుళం కూడా మిగలదు. ముస్తాబంతా షట్టరు గీతకు లోపలే జరగాలి.

అందుకని ముందుగా చేయాల్సింది కౌంటరును షట్టరు నుంచి మూడడుగులు వెనక్కి జరపడం. కూర్చునే పరుపులున్న కొట్టయితే పరుపును జరపాలి. ఇలా వచ్చిన మూడడుగులే కొనేవాళ్లు ఆగి చూసే చోటు. బాట మీద నడిచే మనిషికి చీర నచ్చితే ఒక్క అడుగు పక్కకు వేస్తాడు, కొట్టు నీడలోకి వచ్చేస్తాడు. వెనకవాళ్లు తోసుకోరు కనుక ఇంకో నిమిషం నిలబడతాడు. ఒకసారి లోపలికి అడుగు పెట్టినవాణ్ణి పలకరించడం కూడా తేలికే.

ఎనిమిదడుగుల వాకిట్లో ఐదడుగులు రాకపోకలకు వదిలి, ఒక పక్క మూడడుగుల్లో అడుగున్నర ఎత్తు చెక్కపీట వేయండి. దాని మీద రెండు బొమ్మలు చాలు. వాటిని రోడ్డుకు ఎదురుగా కాకుండా, జనం ఎక్కువగా వచ్చే దిక్కుకు ఏటవాలుగా తిప్పాలి. బస్టాండు వైపు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువైతే బొమ్మలు బస్టాండు వైపు చూడాలి. నడిచే మనిషి ముందుకు చూస్తూ వస్తాడు కనుక, ఏటవాలుగా ఉన్న బొమ్మ అతనికి నాలుగైదు కొట్ల ముందునుంచే కనబడుతుంది. ఇరవై చీరలు వేలాడదీస్తే రెండున్నర సెకన్లలో కంటికి ఏదీ ఆనదు. దసరాకు ఒకే వన్నె కుటుంబం, పసుపు నుంచి కుంకుమ దాకా. దీపావళికి దాన్ని మార్చండి. ధర చీటీ మీద అంకెలు రెండంగుళాల ఎత్తు ఉంటే బాట అవతలి అంచునుంచి కూడా చదవొచ్చు.

రంగు బల్బుల దగ్గర చీరల కొట్లు తరచూ పొరపాటు పడతాయి. వాకిలి చుట్టూ ఎరుపు, నీలం లైట్లు వేస్తే ఆకుపచ్చ అంచు నల్లగా కనబడుతుంది. ఆడవాళ్లు చీరను వెలుతురులో చూస్తామంటూ గుమ్మం దాకా వచ్చేది రంగు సరిచూసుకోవడానికే. అక్కడ తెల్లని కాంతే పడాలి. పైనుంచి రెండు స్పాట్ లైట్లు బొమ్మల మీదికి తిప్పండి. నడిచేవాళ్ల కళ్లలో కొట్టకూడదు. సీరియల్ సెట్లు గోడ పక్కలకు, నేమ్ బోర్డుకు పరిమితం చేస్తే చాలు.

ఆ సెట్ల వైరు ఎటు పోతుందో మాత్రం స్వయంగా చూడాలి. రాత్రి తొందరలో షట్టరు దించితే వైరు కింద నలుగుతుంది. పైతొడుగు చీలి రాగితీగ ఇనుముకు తగిలితే షట్టరంతా కరెంటు పారుతుంది. దసరా, దీపావళి రోజుల్లో వానలు కూడా పడుతుంటాయి, తడి స్లాబు మీద నిలబడి షట్టరు ఎత్తేవాడికి అది ప్రాణాంతకం. వైరును షట్టరు దారిలో కాకుండా గోడలో రంధ్రం చేసి లోపలికి తీయించండి. జాయింట్లు బయట ఉండకూడదు. 30 మిల్లీ ఆంపియర్లకే ట్రిప్ అయ్యే ఈఎల్‌సీబీ మీదుగా కనెక్షన్ ఇప్పించండి. బాట మీద అడ్డంగా పరిచిన వైరు, పైన టేపు వేసినా, కాళ్లకు తగులుతుంది.

మామిడి తోరణం, బంతి దండలు కట్టేటప్పుడు కిందికి వేలాడే చివరి పువ్వు నేలకు ఏడుంబావు అడుగుల పైన ఉండాలి. పైన చెప్పిన 2.2 మీటర్లు అంతే. అంతకు దిగితే జడలకు, పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న నాన్నలకు తగులుతుంది. అరటి బోదెలను స్లాబు మీద నిలబెట్టకుండా షట్టరు పక్క పట్టాలకు ఆనించి కట్టండి. దీపాలు మెట్టు మీద పెడితే చీర కుచ్చిళ్లకు, చున్నీలకు అందుతాయి. గూట్లోనో పూజ పీట మీదో పెట్టడం మంచిది. ఆయుధపూజ రోజు గుమ్మడికాయ కొట్టాక ముక్కల్ని దారిలో వదలొద్దు. ఆ గుజ్జు మీద బండి టైరు, మనిషి కాలు ఒకేలా జారతాయి. వెంటనే ఎత్తించి నీళ్లతో కడిగించండి.

ఇదంతా చేసినా ఒక చిక్కు మిగులుతుంది. పక్క కొట్టు బొమ్మలు మూడడుగులు ముందుకు వస్తే, వెనక్కి జరిగిన మన కొట్టు వాటి చాటున పడిపోతుంది. అందుకు మందు ఎత్తులో ఉంది. తోరణానికి పైన, వాళ్ల బొమ్మల తలలు అందని చోట, గోడకు నిలువుగా బయటికి వచ్చే చిన్న లైటు బోర్డు పెడితే దూరంనుంచి కనబడుతుంది. అసలు పరిష్కారం మాత్రం పండక్కి ముందు ఆ వరుసలోని నలుగురూ కూర్చుని ఒకే గీతకు ఒప్పుకోవడం. ఒక్కడు దాటితే మిగిలినవాళ్లూ దాటాల్సి వస్తుంది, చివరికి అందరికీ మళ్లీ పాత చోటే. బండ్ల సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ముందుగా కొట్టువాళ్ల సొంత బండ్లు పక్క సందులోకి పోవాలి.

పని కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పిడికెడు ముగ్గుపిండి చాలు. సాయంత్రం ఐదింటికి బాటకు రోడ్డువైపు అంచు పొడవునా పలుచని గీత గీయండి. షట్టరు గీత మీద ఇంకోటి. రాత్రి కొట్టు కట్టేవేళ చూడండి. రోడ్డువైపు గీత చెరిగిపోయి ఉంటే జనం దిగి నడిచారన్నమాట, ఇంకా ఏదో అడ్డుంది. అది చాలావరకు నిలిచి, షట్టరు దగ్గరి గీత చెరిగిపోయి ఉంటే జనం బాట మీదే నడిచి, మీ గుమ్మంలోకి వచ్చారు.