ఆహ్వానపత్రికలో పరిచయం: అచ్చుకు ముందే నిజం తేల్చుకుందాం

స్కాట్ థాంప్సన్ 2012 జనవరిలో యాహూ సీఈఓ అయ్యారు. ఆయనకు అకౌంటింగ్, కంప్యూటర్ సైన్స్‌లలో డిగ్రీ ఉందని కంపెనీ అధికారిక పత్రాల్లో రాశారు. నాలుగు నెలలు తిరక్కుండానే, కంపెనీ వాటాదారుల్లో ఒకరైన డేనియల్ లోబ్ ఆ వాక్యాన్ని ఆరా తీయించారు. అమెరికాలోని స్టోన్‌హిల్ కాలేజీ నుంచి థాంప్సన్ 1979లో పట్టా తీసుకున్న మాట నిజమే. కానీ అది అకౌంటింగ్‌లో మాత్రమే. ఆ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మొదలైందే 1983లో! మే నెల మధ్యకల్లా థాంప్సన్ పదవి వదులుకోవాల్సి వచ్చింది.

ఆ వాక్యంలో కాలేజీ పేరు నిజం, సగం డిగ్రీ నిజం. ఆ నిజం పక్కన నిలబడడం వల్లే మిగతా సగాన్ని ఎవరూ అనుమానించలేదు. పరిచయాల్లో పచ్చి అబద్ధాలు తక్కువ. సాగదీసిన నిజాలే ఎక్కువ. అందుకే మొత్తం పరిచయాన్ని ఒకేసారి నమ్మడమో, కొట్టిపారేయడమో కాకుండా మాట మాటనూ విడదీసి చూడాలి.

మన ఊళ్లో కాలేజీ వార్షికోత్సవాలకూ సన్మాన సభలకూ వేసే కరపత్రాల్లో ఎలాంటి పరిచయాలు కనిపిస్తాయో అందరికీ తెలుసు. ఆ పద్ధతిలో ఊహించి రాసిన ఒక నమూనా ఇది: "ప్రఖ్యాత శాస్త్రవేత్త, డాక్టర్ ఫలానా గారు హార్వర్డ్‌లో విద్యనభ్యసించారు. 12 పేటెంట్లు సాధించారు. 5 లక్షల మంది విద్యార్థుల జీవితాల్లో వెలుగులు నింపారు." మూడు వాక్యాలే. వీటిని ఎలా సరిచూడాలో వరసగా చూద్దాం.

మొదట పేరు ముందున్న 'డాక్టర్'. ఆయన వైద్యులు కారు కాబట్టి పీహెచ్‌డీ అయినా ఉండాలి, గౌరవ డాక్టరేట్ అయినా ఉండాలి. పీహెచ్‌డీ అయితే అడగాల్సినవి మూడే: థీసిస్ పేరు, యూనివర్సిటీ, సంవత్సరం. మన యూనివర్సిటీల థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఉచిత భాండాగారంలో పేరుతో వెతికితే దొరుకుతాయి. పాతవి, విదేశాల్లో చేసినవి అక్కడ లేకపోవచ్చు. దొరకనంత మాత్రాన అబద్ధమని తేల్చేయకూడదు, యూనివర్సిటీని అడగాలి. గౌరవ డాక్టరేట్ అయితే ఇచ్చిందెవరో చూడాలి. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం మన దేశంలో చట్టబద్ధంగా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, డీమ్డ్ వర్సిటీలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీలు ఇవ్వగలవు. హోటల్ హాల్లో సభ పెట్టి శాలువాతోపాటు 'డాక్టరేట్' అందించే ప్రైవేటు సంస్థకు ఆ హక్కు లేదు. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీయే ప్రకటిస్తుంది. అసలైన యూనివర్సిటీ ఇచ్చిన గౌరవ పట్టా అయినా, పేరు ముందు తగిలించకుండా 'ఫలానా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్, ఫలానా సంవత్సరం' అని రాస్తే చదివేవారికి తికమక ఉండదు.

పద్మ పురస్కారాల సంగతీ ఇంతే. వాటిని పేరుకు ముందూ వెనకా బిరుదుల్లా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మన సినిమా టైటిల్స్‌లో అలా వేసిన వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. 'పద్మశ్రీ పురస్కార గ్రహీత' అని సంవత్సరంతో సహా పరిచయంలో చెప్పడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఇక హార్వర్డ్. 'విద్యనభ్యసించారు' అన్న మాటలో రెండేళ్ల పీజీ ఇమిడిపోతుంది, వారం రోజుల శిక్షణా ఇమిడిపోతుంది, ఇంట్లో కూర్చుని చేసిన ఆన్‌లైన్ కోర్సూ ఇమిడిపోతుంది. హార్వర్డ్, ఎంఐటీ కలిసి 2012లో ఎడెక్స్ అనే వేదిక మొదలుపెట్టాక ప్రపంచంలో ఎవరైనా హార్వర్డ్ పేరున్న సర్టిఫికెట్ పొందే వీలు కలిగింది. ఆ కోర్సు చేయడం తప్పు కాదు, దాన్ని డిగ్రీలా ధ్వనింపజేయడమే తప్పు. ఏ కోర్సు, ఏ సంవత్సరం, ఎన్ని వారాలు అన్నవి రాస్తే సందేహమే ఉండదు. వివరం అడిగినప్పుడు సంస్థ పేరే తప్ప కోర్సు పేరు రాకపోతే, ఆ మాట సాగదీసిందేనని అనుమానించాలి.

ఎక్కువ మోసపోయేది పేటెంట్ల దగ్గర. మన దేశంలో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన 18 నెలలకు, కోరితే అంతకంటే ముందే, అది అధికారిక జర్నల్‌లో ప్రచురితమవుతుంది. ఆ పేజీ ప్రింటవుట్ తీసి ఫ్రేమ్ కట్టించుకునేవారున్నారు. కానీ ప్రచురణ అంటే మంజూరు కాదు. పరీక్ష చేయమని విడిగా అభ్యర్థన పెట్టాలి, పరీక్షకుడి అభ్యంతరాలకు జవాబు చెప్పాలి, ఆ తర్వాతే పేటెంట్ వస్తుంది. గడువులోగా అభ్యర్థన పెట్టకపోతే దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్టే లెక్క. ఇంకో చిక్కు, బ్రిటన్‌లో చేయించే డిజైన్ రిజిస్ట్రేషన్లు. అవి వస్తువు ఆకారానికి మాత్రమే రక్షణ ఇస్తాయి. ఆ ఆకారం కొత్తదా కాదా అని అక్కడి కార్యాలయం రిజిస్టర్ చేసేముందు పరిశీలించదు. అయినా మన దగ్గర కొందరు వాటిని 'అంతర్జాతీయ పేటెంట్లు'గా లెక్కేస్తున్నారు. దరఖాస్తు నంబరు తెలిస్తే భారత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఎవరైనా స్థితి చూడవచ్చు. మన నమూనాలోని 12 పేటెంట్లను అలా చూస్తే ఒకటి మంజూరై, 7 దరఖాస్తులు ప్రచురణతో ఆగి, మిగతా 4 డిజైన్లుగా తేలాయనుకుందాం. పన్నెండింట్లో నిలిచేది ఒక్కటే. ఆ ఒక్కటీ సాధించడం తేలిక కాదు. కానీ తప్పుడు లెక్క బయటపడిన రోజున దాన్నీ ఎవరూ నమ్మరు.

చివరిది '5 లక్షల మంది జీవితాలు'. దీన్ని చదివేవారే కాదు, రాసినవారూ సరిచూడలేరు. జీవితంలో వెలుగు నిండిందని ఎవరు లెక్కపెట్టారు? వీడియోల వీక్షణలు కలిపారా? ఒకే విద్యార్థిని పదిసార్లు లెక్కించారా? ఇలాంటి మాటను సవరించలేం, తీసేయాలి. దాని స్థానంలో లెక్కకు అందేది రాయాలి: ఏ కాలేజీలో పనిచేశారు, ఎన్నేళ్లు, ఏ సబ్జెక్టు చెప్పారు. 'ప్రఖ్యాత', 'బహుముఖ ప్రజ్ఞాశాలి' లాంటి విశేషణాలకూ ఇదే సూత్రం.

డాక్టరేట్ ఇచ్చింది ప్రైవేటు సంస్థేననీ, హార్వర్డ్ చదువు ఆన్‌లైన్ కోర్సేననీ తేలితే, ఆ పరిచయం ఇలా మారుతుంది: "ఫలానా గారు 18 ఏళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకులు. ఒక పరికరానికి పేటెంట్ పొందారు. మరో 7 దరఖాస్తులు ప్రచురితమయ్యాయి. హార్వర్డ్ వారి 8 వారాల ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేశారు." ఇందులో ఏ మాటనైనా ఎవరైనా నిలదీయవచ్చు, ఆయన తడుముకోకుండా జవాబు చెప్పవచ్చు.

అతిథిని ఇవన్నీ అడిగితే నొచ్చుకుంటారేమోనని నిర్వాహకులు జంకుతారు. "సర్, కరపత్రంలో వేయడానికి మీ థీసిస్ పేరు, పేటెంట్ నంబర్లు పంపిస్తారా?" అని అడగడంలో అమర్యాద ఏమీ లేదు. నిజంగా సాధించినవారు సంతోషంగా పంపుతారు. సవరించిన పరిచయాన్ని అచ్చుకు ముందు వారికి చూపించి సమ్మతి తీసుకోవాలి. వివరం రాని మాటను మాత్రం అచ్చు వేయకండి. కరపత్రం మీద ఉండేది మీ సంస్థ పేరు. వేదిక మీది మాటలు నమ్మి ఫీజులు కట్టేది, శిష్యులుగా చేరేది మన పిల్లలు.