‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అంటే ఏం చేయాలి?

అప్రైజల్ ఫారాల్లో తరచూ కనిపించే వాక్యం: "కమ్యూనికేషన్ మెరుగుపడాలి." చదివిన ఉద్యోగి తన ఇంగ్లిష్ బాగాలేదేమో అనుకోవచ్చు. మేనేజర్ మనసులో ఉన్నది మాత్రం ఆలస్యంగా అందిన ఒక కబురు.

అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ పద్ధతిలో సందర్భం, ప్రవర్తన, ప్రభావం మూడూ చెప్పాలి. దానికి తర్వాతి అడుగు కూడా కలిపితే ఆ వ్యాఖ్య ఇలా మారుతుంది:

"జూన్ రిలీజ్‌లో పేమెంట్ పేజీ పని ఆగిందని సోమవారమే తెలిసినా గురువారం చెప్పారు. టెస్టింగ్‌కు ఒక్కరోజే మిగిలింది. మిగతా రెండు రిలీజ్‌లలో సకాలంలో చెప్పారు. ఇకపై పని ఆగిన రోజే టీమ్ లీడ్‌కు చెప్పండి. సెప్టెంబరులో మళ్లీ చూద్దాం."

ఇందులో స్వభావంపై తీర్పు లేదు, తేదీలు సరిచూసుకోవచ్చు. అయితే సోమవారమే చెప్పినా ఎవరూ పట్టించుకోలేదేమో! ఫారంలో ఎక్కించే ముందు ఉద్యోగి వివరణ వినాలి.