"ఏంటి ప్రాబ్లం?" అని అడిగితే పేషెంట్ ఏం చెప్పడో తెలుసా?

ఈ ఎపిసోడ్‌లో మందుల గురించి చెప్పను. పేషెంట్ గదిలోకి అడుగు పెట్టగానే డాక్టర్ అనే మొదటి మాట గురించి చెబుతా. ఆ మాట విషయంలో నేను చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతా.

మాది విస్సన్నపేట. నూజివీడు మామిడి బెల్ట్ అని మీకు తెలుసు కదా. ఏప్రిల్, మే వచ్చిందంటే మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది తోట పనివాళ్లే. కాయ కోసేటప్పుడు తొడిమ విరిగితే సొన చిమ్ముతుంది. అది చేతి మీదో మెడ మీదో పడితే కాలినట్టు మచ్చ పడుతుంది, ఒక్కోసారి పొక్కులొస్తాయి. ఒక మే నెలలో ఇలాగే ఒకాయన వచ్చారు, యాభై దాటి ఉంటాయి. ఆయన్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నా. బయట అరవై మంది వెయిటింగ్. నేను ముందు పేషెంట్ చీటీ రాస్తూ, తల ఎత్తకుండా "ఏంటి ప్రాబ్లం?" అన్నా. ఆయన చెయ్యి చాపారు. చూశా, ఆయింట్‌మెంట్ రాశా, "సబ్బుతో కడుక్కో, గోకకు" అన్నా. నిమిషంలో అయిపోయింది.

ఆయన లేచి, కర్టెన్ పట్టుకుని ఆగారు. "ఒక చిన్న మాటండీ. ఈమధ్య నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలీట్లేదు. వయసు కదా" అని నవ్వారు. నేనూ నవ్వి, "సరే, మళ్లీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నా.

మూడు వారాలకు వచ్చారు. కుడి కాలి రెండో వేలి కింద పుండు. ముల్లు గుచ్చుకుని ఎన్ని రోజులైందో ఆయనకే తెలీదు, ఎందుకంటే నొప్పి లేదు. షుగర్ చూస్తే 300 పైన. చివరికి విజయవాడలో ఆ వేలు తీసేశారు.

చెప్పు జారినా తెలియకపోవడం అంటే ఏంటో రెండు ముక్కల్లో చెబుతా. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. అది సాధారణంగా రెండు పాదాల్లోనూ వేళ్ల చివర మొదలై పైకి పాకుతుంది. దాన్ని కనిపెట్టడానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం ఒకటుంటుంది. పేషెంట్‌ని కళ్లు మూసుకోమని అరికాల్లో అక్కడక్కడా ఆనిస్తాం, తగిలిందో లేదో చెప్పమంటాం. తగిలినా తెలియకపోతే ఆ పాదానికి గాయమైనా తెలియదన్నమాట. రెండు నిమిషాల పని. ఆ రోజు నేను చెయ్యాల్సింది అదే.

సరే, ఆయన ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు? దాచుకోలేదండీ. నా ప్రశ్నలోనే దానికి చోటు లేదు. "ఏంటి ప్రాబ్లం?" అంటే వినేవాళ్లకి రెండు అర్థాలు చేరతాయి. ఒకటి, ఒక్కటే చెప్పు. రెండు, అది "ప్రాబ్లం" అనిపించుకునేంత పెద్దదై ఉండాలి. సొన కాలింది కళ్లకు కనిపిస్తుంది, కాబట్టి అది ప్రాబ్లం. చెప్పు జారడం ఆయన దృష్టిలో వయసు. దానికోసం డాక్టర్ టైం తినడం మర్యాద కాదనుకున్నారు.

అయితే ప్రేమగా "బాగున్నారా?" అంటే సరిపోతుందా? నేనూ అదే అనుకుని కొన్నాళ్లు అలాగే పలకరించా. కానీ మన దగ్గర "బాగున్నారా" అంటే నోరు దానంతటదే "ఆ, బాగున్నామండీ" అనేస్తుంది. పెళ్లిలో ఎదురుపడినా అంతే, ఆసుపత్రిలో అయినా అంతే. ఒకసారి బాగున్నానని చెప్పాక "కానీ కాలు..." అని మొదలుపెట్టడం ఇబ్బంది. ఇక పాత పేషెంట్‌ని "ఇప్పుడెలా ఉంది?" అంటే పోయినసారి జబ్బు గురించే అడుగుతున్నామని అనుకుంటారు. కొత్తది ఏదైనా ఉంటే జేబులోనే ఉండిపోతుంది.

ఇప్పుడు నేనేం చేస్తానంటే, ముందు పెన్ను కింద పెడతా. ముఖం చూసి, "రండి పెద్దాయనా, కూర్చోండి. ఈరోజు ఏమేం చెబుదామని వచ్చారు?" అంటా. ఆ "ఏమేం"లోనే ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు అన్న పర్మిషన్ ఉంది. తర్వాత మధ్యలో దూరకుండా వింటా. ఇది అనిపించినంత తేలిక కాదు, మొదట్లో నాలుక కొరుక్కోవాల్సి వచ్చేది! 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు ఇలాంటి సంభాషణలు రికార్డు చేసి చూస్తే, డాక్టర్లు సగటున 18 సెకన్లకే అడ్డుపడ్డారు. వదిలేస్తే గంట చెబుతారేమో అని మా భయం. 2002లో స్విట్జర్లాండ్‌లో ఆపకుండా వింటే ఏమవుతుందో చూశారు. సగటున 92 సెకన్లకి పేషెంట్లే ఆగిపోయారు.

వాళ్లు మొదటిది చెప్పగానే పరీక్ష మొదలుపెట్టను. పలకరింపులో రెండో ముక్క ఒకటుంది. 2007లో జాన్ హెరిటేజ్ బృందం అమెరికాలో ఒక్క పదం మార్చి చూసింది. పేషెంట్ మొదటి సమస్య చెప్పాక కొందరు డాక్టర్లు "ఎనీథింగ్ ఎల్స్" అని, కొందరు "సమ్‌థింగ్ ఎల్స్" అని అర్థం వచ్చేలా అడిగారు. "సమ్‌థింగ్" అన్నచోట చెప్పకుండా మిగిలిపోయిన సమస్యలు 78 శాతం తగ్గాయి. "ఎనీథింగ్"తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పోనీ టైం ఎక్కువ పట్టిందా అంటే, అదీ లేదు.

అది ఇంగ్లీష్ సంగతి. తెలుగులో నా అనుభవం చెబుతా. "ఇంకేమన్నా ఉందా?" అంటే, అందులోనూ కొంచెం లేస్తూ అంటే, "ఏం లేదండీ" అనే వస్తుంది. "సొన సంగతి చూద్దాం. ఇంకోటేదో కూడా చెబుదామనుకున్నారు కదా, చిన్నదైనా పర్లేదు, చెప్పండి" అంటే ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణం నేను మాట్లాడకూడదు. ఆ గ్యాప్‌లోనే చెప్పు సంగతి బయటికొస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. ఎనిమిది విషయాలు చెప్పేవాళ్లూ ఉంటారు. అన్నీ ముందు వినేసి, "ఇవాళ ఈ రెండు చూద్దాం, మిగతావి గురువారం" అని పంచుకోవాల్సిందే. గదిలో కొడుకో కోడలో ఉంటే ఎంత బాగా పలకరించినా కొన్ని మాటలు రావు. మూత్రం సంగతులు, తాగుడు, ఆడవాళ్ల ఇబ్బందులు ఇలాంటివి. అప్పుడు తోడొచ్చినవాళ్లని కాసేపు బయట కూర్చోమనాలి. ఇంకోటి, అడిగి మళ్లీ చీటీ వైపు చూస్తే మాట ఎంత తియ్యగా ఉన్నా వేస్ట్.

మీరు అమ్మనో నాన్ననో తీసుకెళ్లేవాళ్లయితే, మీ డాక్టర్ "ఏంటి ప్రాబ్లం?" టైపే అయితే, ఇంటి దగ్గరే "నీకు చిన్నగా అనిపించేవి కూడా చెప్పు" అని అడిగి ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. లోపలికెళ్లి కూర్చోగానే "డాక్టరు గారూ, మూడు విషయాలున్నాయి" అని ముందే లెక్క చెప్పేయండి. లేచేటప్పుడు కాదు.

ఆ పెద్దాయన ఇప్పటికీ వస్తారు. చెట్లెక్కడం మానేశారు, కాయ గ్రేడింగ్‌లో కూర్చుంటున్నారు. పోయిన నెల నేను ఇంకా నోరు తెరవకముందే, "ఇవాళ రెండున్నాయండీ, ఒకటి చిన్నది" అన్నారు. చిన్నదే ముందు చెప్పమన్నా.